ఇంటర్వ్యూల మధ్యలో ఉద్యోగం స్వరూపం మారితే, తీసుకునే మేనేజరును స్పష్టత అడగడం ఎలా

మా పిన్ని కూతురు ఒడిశాలోని రాయగడలో ఒక వాహనాల షోరూములో నాలుగేళ్లుగా లెక్కలు చూస్తోంది. జీతం నెలకు 21,500 రూపాయలు. ఒక రుణ సంస్థ తన రాయగడ శాఖకు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలని ప్రకటించినప్పుడు దరఖాస్తు పెట్టింది. ఫోనులో జరిగిన మొదటి రౌండులో హెచ్‌ఆర్ అమ్మాయి ఇది శాఖలో కూర్చుని చేసే లెక్కల పని అనీ, ఏడాదికి 3 లక్షలు, అంతా స్థిర జీతమే అనీ చెప్పింది. రెండో రౌండులో ఏరియా మేనేజరు మాటల మధ్యలో ‘వసూళ్ల ఫాలోఅప్ కూడా కొంత ఉంటుంది’ అన్నారు. మూడో రౌండులో, రేపు ఎవరి కింద పనిచేయాలో ఆ మేనేజరే మాట్లాడుతూ రాయగడ, మునిగుడ, గుణుపురం శాఖలు మూడూ చూసుకోవాలనీ, జీతం ఏడాదికి 3.6 లక్షలు ఇస్తామనీ, అందులో 20 శాతం పనితీరు మీద ఆధారపడి ఉంటుందనీ చెప్పారు. ఆ సాయంత్రం అమ్మాయి ఫోను చేసి, ‘అక్కా, జీతం పెంచారు, కానీ నేను దరఖాస్తు పెట్టిన ఉద్యోగం ఇదేనా కాదా తెలియడం లేదు’ అంది.

ఈ జిల్లాలో సంస్థలకు మనుషులను ఎంపిక చేసిపెట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కనుక, ఇలాంటి మార్పు ఎలా వస్తుందో ముందు చెబుతాను. కారణం తెలిస్తే ప్రశ్న ఏ స్వరంలో అడగాలో దానంతట అదే తెలుస్తుంది. ప్రకటనలో ఉండే ఉద్యోగ వివరణను చాలాచోట్ల హెచ్‌ఆర్ వారు పోయినసారి వాడిన ఫైలులోంచి తీసి, పేరూ ఊరూ మార్చి పెడతారు. మిమ్మల్ని తీసుకోబోయే మేనేజరు ఆ ప్రకటనను ఒక్కసారైనా చదివి ఉండకపోవచ్చు. ఆయన దృష్టిలో ఏదీ మారలేదు, మొదటి నుంచీ ఆయనకు కావలసిన మనిషి మూడు శాఖలూ తిరిగే మనిషే. ఇంకొన్నిచోట్ల ఇంటర్వ్యూలు సాగుతుండగానే ఒకరు మానేస్తారు, రెండు పోస్టులు ఒకటవుతాయి. ఒక్కోసారి మీ అనుభవం చూసి, మిమ్మల్ని పై స్థాయి పనికి పరిశీలించడం మొదలుపెడతారు. ఇవేవీ మోసాలు కావు. కష్టమైన పనిని తేలికైన పేరు కింద దాచి మనిషిని లోపలికి రప్పించే పద్ధతీ ఉంది. ఈ నాలుగింటిలో మీది ఏదో బయటినుంచి చెప్పలేం కాబట్టి, ‘ఎందుకు మార్చారు’ అని కాకుండా, ‘ఇప్పుడు ఈ పని ఏమిటి’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు మేనేజరు తనను సమర్థించుకుంటారు, రెండో ప్రశ్నకు పనిని వర్ణిస్తారు. మీకు కావలసింది ఆ వర్ణన.

మొదటి పని: మారింది ఏమిటో కాగితం మీద పెట్టండి

దరఖాస్తు పెట్టిన రోజే ప్రకటన పేజీని పీడీఎఫ్‌గా గానీ, తేదీ కనిపించే స్క్రీన్‌షాటుగా గానీ దాచుకోవాలి. పోస్టు నిండగానే, లేదా వివరణ సవరించగానే పాతది కనిపించకుండా పోతుంది, ఆ తరువాత మీ జ్ఞాపకానికి ఆధారం ఉండదు. దాచుకోకపోతే, మొదటి రౌండుకు ముందు హెచ్‌ఆర్ పంపిన ఈమెయిలులోనో వాట్సాప్‌లోనో వివరణ జతచేసి ఉందేమో వెతకండి. అదీ లేకపోతే పోస్టు వివరణ మరొకసారి పంపమని హెచ్‌ఆర్‌ను మామూలుగా అడగండి. వారు ఇప్పుడు పంపేది పాతదైతే పోల్చి చూసుకోవచ్చు, కొత్తదైతే సగం జవాబు దొరికినట్టే.

ప్రతి రౌండూ ముగిసిన అరగంటలోపు, ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే రాసుకోండి. ‘ఫాలోఅప్ కూడా కొంత ఉంటుంది’ అన్న మాటను ‘వసూళ్ల పని’ అని రాసుకుంటే రేపు వారు అనని మాటను మీరు వారికి అంటగట్టినట్టవుతుంది. మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మీకే మేలు.

తరువాత ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి ఎడమవైపు ప్రకటనలో ఉన్నదీ, కుడివైపు చివరి రౌండులో విన్నదీ రాయండి. మాట మార్పులన్నిటినీ పట్టుకోనవసరం లేదు. హోదా పేరు మారినా, వివరణలో వాక్యాలు అటూ ఇటూ అయినా, మామూలు మంగళవారం మీరు ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు, ఎవరికి జవాబు చెబుతారు, నెలాఖరున చేతికి ఎంత వస్తుంది అన్నవి మారకపోతే ఉద్యోగం మారనట్టే. ఆ నాలుగింటిలో ఏదైనా మారితే, పేరు పాతదే అయినా అది వేరే ఉద్యోగం.

మా అమ్మాయి కాగితంలో మూడు మార్పులు నిలిచాయి. పని చేసే చోటు ఒకటి మూడయింది. లెక్కల పక్కన వసూళ్లు వచ్చి చేరాయి. జీతం పెరిగినట్టు కనిపించి తగ్గింది. ఈ చివరిదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. 3 లక్షలు అంతా స్థిరమైతే నెలకు 25,000. 3.6 లక్షల్లో 20 శాతం, అంటే 72,000 రూపాయలు పనితీరు భాగం. మిగిలిన స్థిర భాగం 2,88,000, అంటే నెలకు 24,000. పై అంకె 60,000 పెరిగింది, ఖాయంగా వచ్చేది నెలకు వెయ్యి తగ్గింది. నెలకు పన్నెండు రోజులు తిరగాలి, రోజుకు 250 రూపాయలు సొంత ఖర్చు అనుకుంటే మరో 3,000 పోతుంది. మిగిలే 21,000 ఆమె ఇప్పటి జీతం కంటే తక్కువ. పన్నెండు రోజులు, 250 రూపాయలు అన్నవి ఆమె ఊహలు మాత్రమే. కానీ ఊహించి లెక్క వేసినందువల్లనే ఏ ప్రశ్న అడగాలో తేలింది.

మన ప్రాంతంలో చోటు గురించి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రకటనలో ‘రాయగడ’ అని ఉంటే అది ఊరో జిల్లానో తెలియదు. రెండో రౌండులో ‘రాయగడ క్లస్టరు’ అన్న మాట వచ్చిందంటే ఆ పక్క జిల్లాలు కూడా అందులో ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి. మునిగుడకు విజయనగరం–రాయపూర్ లైనులో రైలు ఉంది. గుణుపురం అదే జిల్లాలో ఉన్నా దాని రైలు మార్గం నౌపడ వైపునుంచి వస్తుంది కాబట్టి రాయగడ నుంచి రోడ్డు మీదే వెళ్లాలి. పటంలో రెండూ ఒకే జిల్లాలో చుక్కలే, సాయంత్రం ఇంటికి చేరే వేళ మాత్రం వేరు. ఆడపిల్లలకు ఈ తేడా చిన్న విషయం కాదు, దాన్ని అడగడానికి మొహమాటపడనవసరమూ లేదు.

రెండో పని: ఎవరిని, ఎప్పుడు అడగాలో తేల్చుకోండి

రోజువారీ పని గురించి హెచ్‌ఆర్‌ను అడిగితే వారు చేతిలో ఉన్న ఫైలు చదివి చెబుతారు, ఆ ఫైలే మొదటి తప్పుకు మూలం కావచ్చు. జీతంలోని భాగాల గురించి మేనేజరును అడిగితే ‘అది హెచ్‌ఆర్ చూసుకుంటారు’ అంటారు. అందుచేత పని, చోటు, పనితీరును దేనితో కొలుస్తారు అన్నవి మేనేజరును అడగాలి. స్థిర భాగం, పనితీరు భాగం చెల్లించే తేదీ, ప్రయాణ భత్యం, ఏ సంస్థ పేరున జీతం వస్తుంది అన్నవి హెచ్‌ఆర్‌ను అడగాలి. చివరిదాన్ని మరిచిపోవద్దు. ఫ్యాక్టరీలూ గనులూ ఉన్న మన జిల్లాల్లో ఇంటర్వ్యూ చేసేది పెద్ద సంస్థ, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు కావడం తరచుగా జరుగుతుంది, మొదటి రౌండులో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మేనేజరు ఈమెయిలు మీ దగ్గర లేకపోతే, ఇంటర్వ్యూ ఆహ్వానం వచ్చిన ఈమెయిలులో ఆయన చిరునామా ఉందేమో చూడండి. అందులోనూ లేకపోతే ‘పని విషయంలో మేనేజరుగారితో పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించగలరా’ అని హెచ్‌ఆర్‌ను కోరండి. మేనేజరుకు నేరుగా రాసినా హెచ్‌ఆర్‌కు ప్రతి పెట్టండి. వారిని దాటి వెళ్లారన్న మాట రాదు, రెండు వైపులా ఒకే వివరణ చదువుతారు.

మార్పు విన్న మరుసటి రోజే రాయడం మంచిది. ఆఫరు లెటరు రాకముందు అడిగితే అది పనిని అర్థం చేసుకోవడంగా కనిపిస్తుంది, వచ్చాక అడిగితే బేరంలా కనిపిస్తుంది. అయినా ఆలస్యమైందని మానుకోకూడదు, సంతకం చేసే ముందు వరకూ అడగవచ్చు. ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా మాత్రం జవాబు రాతలో వచ్చేదాకా ఇవ్వకండి. నోటీసు పీరియడ్ మొదలయ్యాక మీరు అడిగే ప్రశ్నకు బరువు ఉండదు, ఆ సంగతి అవతలివారికీ తెలుసు.

మూడో పని: చిన్న ఉత్తరం రాయండి

మూడు ప్రశ్నలకు మించకూడదు. ఏడు ప్రశ్నలు పంపితే మేనేజరు తేలికైన రెండింటికి జవాబిచ్చి మిగిలినవి వదిలేస్తారు. ప్రతి ప్రశ్నా ఒక అంకెతోనో, ఒక ఊరి పేరుతోనో, ఒక మనిషి పేరుతోనో జవాబు చెప్పగలిగేదిగా ఉండాలి. ‘ప్రయాణం ఎక్కువగా ఉంటుందా’ అని అడిగితే ‘అంత ఉండదు’ అన్నదే జవాబు. ‘మామూలు నెలలో ఏ శాఖలో ఎన్ని రోజులు’ అని అడిగితే అంకె చెప్పక తప్పదు. ఉత్తరం ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగిందో ఆ భాషలో ఉండవచ్చు. మా అమ్మాయి పంపినదాని సారాంశం తెలుగులో ఇది:

‘నమస్కారం సర్. గురువారం నాతో వివరంగా మాట్లాడినందుకు కృతజ్ఞతలు. మూడు శాఖల లెక్కలు ఒకచోటికి తేవాలన్న మీ ఆలోచన నాకు అర్థమైంది, ఆ పని చేయాలని ఆసక్తి ఉంది. నేను దరఖాస్తు పెట్టినప్పటి వివరణలో రాయగడ శాఖ లెక్కలు మాత్రమే ఉన్నాయి కనుక, ఇప్పటి పనిని సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలుసుకోవడానికి మూడు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, మామూలు నెలలో మునిగుడ, గుణుపురం శాఖలకు ఎన్నెన్ని రోజులు వెళ్లవలసి ఉంటుంది? రెండు, వసూళ్ల ఫాలోఅప్‌లో నా వంతు వసూలైన సొమ్మును లెక్కతో సరిచూడటమా, ఖాతాదారుల దగ్గరికి వెళ్లడమా? మూడు, పనితీరు భాగాన్ని దేని ఆధారంగా లెక్కిస్తారు? ఫోనులో చెప్పడం మీకు వీలైతే పదిహేను నిమిషాలు చాలు, రేపు ఉదయం పదిన్నర లోపు గానీ, సాయంత్రం ఆరు తరువాత గానీ అందుబాటులో ఉంటాను.’

ఇందులో ‘మీరు మార్చారు’ అన్న మాట లేదు, కానీ మార్పు జరిగిందన్న సంగతి ఒక వాక్యంలో నమోదైంది. ఆ వాక్యాన్ని మర్యాద కోసం తీసేయకండి. అది లేకపోతే మీ ప్రశ్నలు ఊరికే అడిగినట్టుంటాయి, తరువాత మాట వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ఆసక్తి గురించిన వాక్యం కూడా నిజమైతేనే రాయాలి. కొత్త రూపంలో ఆ పని అసలే ఇష్టం లేకపోతే స్పష్టత అడగడం వృథా, నేరుగా తప్పుకోవడమే ఇద్దరికీ మంచిది.

నాలుగో పని: ఫోనులో వినడం, విన్నదాన్ని తిరిగి చెప్పడం

ఎక్కువమంది మేనేజర్లు రాతలో జవాబివ్వరు, ఫోను చేస్తారు. కాగితం ముందుంచుకోండి. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో అందుకోవద్దు. ఒక ప్రశ్నకు జవాబు పూర్తయిందనిపించాక రెండు క్షణాలు ఆగితే, చాలాసార్లు అసలు సంగతి ఆ తరువాతి వాక్యంలో వస్తుంది. నేను ఎప్పుడూ అడగమని చెప్పే ప్రశ్న ఒకటుంది: ‘ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవారు, వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?’ ఎవరూ చేయలేదంటే ఇది కొత్త పోస్టు, దాని హద్దులు ఇంకా మారతాయి. ఒకరు చేసి పదోన్నతి మీద వెళ్లారంటే ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడవచ్చా అని అడగండి. ఏడాదిలో ఇద్దరు ముగ్గురు మారారంటే, ప్రకటన అంత తేలికగా ఎందుకు రాశారో తెలిసిపోతుంది.

సరిహద్దులో మనం ఒక సంభాషణలో మూడు భాషలు మాట్లాడతాం. ఇంగ్లీషులో మొదలైన ఫోను ఒడియాలోకి, అక్కడినుంచి తెలుగులోకి మారుతుంది, మనసు తేలికపడుతుంది. ఆ ఆత్మీయతలో ‘దేఖిబా’ అన్నా, ‘చూద్దాంలే అమ్మా’ అన్నా జవాబు వచ్చినట్టే అనిపిస్తుంది. రాలేదు. ‘సరే సర్, ఇప్పటికి ఎన్ని రోజులని రాసుకోమంటారు’ అని అదే మెత్తదనంతో మళ్లీ అడగాలి.

ఫోను పెట్టేముందు విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. మా అమ్మాయి ఇలా అంది: ‘అయితే సర్, నెలకు మునిగుడకు నాలుగు రోజులు, గుణుపురానికి నాలుగు రోజులు, వసూళ్లలో నాది సొమ్ము సరిచూడటం వరకే, ఖాతాదారుల ఇళ్లకు వెళ్లేది ఫీల్డ్ సిబ్బంది. ఇంతేనా?’ ఆయన మొదటి రెండు ప్రశ్నల జవాబులకూ అవునన్నారు, గుణుపురం దగ్గర మాత్రం ‘మార్చిలో ఏడాది లెక్కలు మూసేటప్పుడు ఇంకో మూడు రోజులు ఎక్కువ పడతాయి’ అని సవరించారు. అలాంటి సవరణ వచ్చిందంటే ఆయన నిజంగా పనిని కళ్ల ముందు ఊహించుకుని చెబుతున్నారని అర్థం. మూడో ప్రశ్నకు జవాబు అంత బాగాలేదు. పనితీరు భాగం మూడు శాఖల వసూళ్ల శాతం మీద ఆధారపడుతుందట. వసూలు చేసేది వేరేవారు, దాని ఫలితం ఈమె జీతంలో పడుతుంది. ఆ సంగతి ఆమె అక్కడే వాదించలేదు. ‘వసూళ్లు నా చేతిలో లేవు కదా సర్, లెక్కలు సమయానికి మూయడం, తేడాలు లేకపోవడం లాంటి నా పనితో కొలిచే వీలుందా’ అని అడిగింది. ఆయన పైవారిని అడిగి చెబుతానన్నారు.

ఐదో పని: మాటను రాతలోకి తేవడం

ఆ రోజే హెచ్‌ఆర్‌కు ప్రతి పెడుతూ మేనేజరుకు నాలుగు వాక్యాల ఈమెయిలు పంపండి: మాట్లాడినందుకు కృతజ్ఞత, అర్థమైన విషయాలు అంకెలతో సహా, ఇంకా తేలవలసినది ఏమిటి, ఏదైనా పొరపాటుగా రాసి ఉంటే సరిచేయమని మనవి. జవాబు రాకపోయినా ఆ ఈమెయిలు పనికొస్తుంది, ఎందుకంటే ఆఫరు లెటరు దానికి విరుద్ధంగా వస్తే ఏ తేదీన ఏం అనుకున్నారో మీరు చూపించగలరు. కానీ దాని హద్దు కూడా తెలుసుకోవాలి. ప్రకటనగానీ, ఫోను మాటగానీ, మీ ఈమెయిలుగానీ ఒప్పందం కాదు. చివరికి నిలిచేది మీరు సంతకం చేసిన కాగితమే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని చెబుతోంది. ‘చేరాక ఇస్తాంలే’ అంటే చేరకముందే ఇవ్వమని అడగడానికి అది ఆధారం. ఆ పత్రంలో మీ ఎనిమిది రోజుల మాట ఉండాలంటే మాత్రం మీరు అడిగి రాయించుకోవలసిందే.

ఆఫరు లెటరులో మూడు చోట్ల ఆగి చదవండి. ‘సంస్థ అప్పగించే ఇతర పనులు’ అన్న వాక్యం దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది, దాన్ని తీయించలేరు, దానికి భయపడనూ అక్కరలేదు. ‘సంస్థ శాఖల్లో ఎక్కడికైనా బదిలీ’ అన్నదీ మామూలే, కాకపోతే మొదటి నియామకం ఏ ఊరో పేరుతో ఉండాలి. పనితీరు భాగం ‘యాజమాన్యం విచక్షణ మేరకు’ అని ఉంటే మాత్రం ఆ 72,000 లేనట్టే లెక్క వేసుకుని, మిగిలిన 24,000కు ఈ పని మీకు సరిపోతుందా అని చూసుకోండి.

జవాబుల్లో దేన్ని నమ్మాలి అన్నది చాలామంది అడిగే ప్రశ్న. మేనేజరూ హెచ్‌ఆరూ విడివిడిగా ఒకే మాట చెబితే నమ్మవచ్చు. ఫోనులో అంకెలు చెప్పి రాతలో ‘అవసరాన్ని బట్టి’ అని రాస్తే, అంకెలు నిలవవని అర్థం. మీరు అడిగిన ప్రశ్నకు కాక, సంస్థ ఎంత వేగంగా పెరుగుతోందో చెబితే అది జవాబు కాదు. వారం రోజుల్లో ఒక గుర్తుచేసే ఈమెయిలు పంపాక కూడా మౌనమే ఉంటే, అది కూడా ఒక జవాబే. అడిగినందుకు చిరాకుపడి ‘ఇష్టమైతే చేరు’ అన్న మేనేజరు కింద రోజూ పని ఎలా ఉంటుందో ముందే తెలిసింది. ఇక వివరణ మారుతూ మారుతూ శిక్షణ రుసుమో, డిపాజిట్టో, ఒరిజినల్ సర్టిఫికెట్లో అడిగే దగ్గరికి వస్తే స్పష్టత అడగనవసరం లేదు, అక్కడితో ఆపేయండి.

కొత్త రూపం మీకు నచ్చిందనుకోండి, అప్పుడు అదే కాగితం జీతం మాట్లాడటానికి పనికొస్తుంది. ఒక శాఖకు 3 లక్షలు అన్నది వారి అంకె, మూడు శాఖలకు ఎంత అని అడగడంలో తప్పులేదు. మా అమ్మాయి హెచ్‌ఆర్‌తో స్థిర జీతం గురించీ, ప్రయాణ ఖర్చు గురించీ మాత్రమే మాట్లాడింది. ఐదు రోజుల తరువాత వచ్చిన లెటరులో స్థిర భాగం నెలకు 26,000 ఉంది, రాయగడ దాటి వెళ్లిన రోజుల టికెట్టు ఖర్చు బిల్లు మీద ఇస్తామని ఉంది, మొదటి నియామకం రాయగడ అని పేరుతో ఉంది. పనితీరు భాగం కొలత మాత్రం మారలేదు, వసూళ్ల శాతమే. మేనేజరు ఫోను చేసి, ఈ ఏడాదికి తన చేతిలో లేదనీ, ఏప్రిల్‌లో మళ్లీ అడుగుతాననీ చెప్పారు. ఆమె ఆ భాగాన్ని సున్నా వేసి లెక్క చూసుకుంది. 26,000 సరిపోతుందనుకుని సంతకం చేసింది, ఆ మధ్యాహ్నమే షోరూములో రాజీనామా ఇచ్చింది.